నూట ఇరవై అక్షరాల్లో నా పని

హైదరాబాదులో ఆడిట్ సంస్థ ఉద్యోగం మానేసి పటాన్‌చెరులో సొంతంగా ప్రాక్టీసు పెట్టినప్పుడు, చార్టర్డ్ అకౌంటెంట్ అన్న బోర్డు కట్టగానే చిన్న ఫ్యాక్టరీల వాళ్ళు మెట్లెక్కి వస్తారనుకున్నాను. హార్డ్‌వేర్ దుకాణం పైన ఒకే గది నా ఆఫీసు. ఆరు నెలలు గడిచాయి. వచ్చినవాళ్ళంతా సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వైపు పల్లెల్లో మా నాన్నను ఎరిగినవాళ్ళే. వెనక్కి వెళ్ళి ఉద్యోగంలో చేరమని ఇంట్లో అంటూనే ఉన్నారు. నేను వెళ్ళదలచుకోలేదు.

పటేల్‌గూడలో మా పక్కింటి అక్క ఒక మందుల ఫ్యాక్టరీలో హెచ్.ఆర్. చూసేది. ఉద్యోగాలకు మనుషులను లింక్డ్‌ఇన్‌లో వెతకడం అప్పుడప్పుడే మొదలుపెట్టింది. అందులో నాకూ ఒక పేజీ పెడదామని ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

పేరు కింద హెడ్‌లైన్ అని ఒక గడి. అందులో నూట ఇరవై అక్షరాలకు మించి పట్టవు. నేను "చార్టర్డ్ అకౌంటెంట్" అని కొట్టి చేతులు తీసేశాను.

"గిదేంది? గిట్ల వేలమంది రాసుకున్నరు," అంది అక్క. "సూసినోడు నిన్నే ఎందుకు పిలవాలె?"

కీబోర్డు తన వైపు లాక్కుని, "పటాన్‌చెరులో నంబర్ వన్ టాక్స్ ఎక్స్‌పర్ట్, నేడే సంప్రదించండి" అని ఇంగ్లీషులో రాసింది. ఇప్పుడు అబౌట్ అంటున్న గడిని అప్పట్లో సమ్మరీ అనేవారు. దాని నిండా ఉద్యోగ దరఖాస్తుల్లో ఉండే మాటలు పేర్చాము. చురుకైన, ఫలితాలు సాధించే, నిరూపించుకున్న. చదువుకుంటే ఎవరో పరాయి మనిషి గురించి చదివినట్టుంది. అయినా లోలోపల కాస్త సంతోషించాననే చెప్పాలి.

మూడో రోజు మా సార్ ఫోన్ చేశారు. సి.ఎ. చదువులో భాగమైన శిక్షణ, ఆర్టికల్‌షిప్, మూడేళ్ళు ఆయన దగ్గరే చేశాను. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడే మనిషి.

"అమ్మా, కంప్యూటర్ల నువ్వు రాసింది సూసిన. ఎవరు రాసిన్రు?"

"నేనే సార్," అన్నాను. అక్క పేరు చెప్పబుద్ధి కాలేదు.

"తీసెయ్. మనం పని కోసం ప్రచారం చేసుకోవద్దు. నంబర్ వన్ అనొద్దు, ఎక్స్‌పర్ట్ అనొద్దు, రమ్మని పిలవొద్దు. మన ఇన్‌స్టిట్యూట్ నియమం నీకు పరీక్షల గూడ వచ్చింది గదా. ఎవరన్న ఫిర్యాదు చేస్తే సర్టిఫికెట్‌కే ముప్పు."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ ప్రశ్నకు నేను జవాబు రాసి పాసైనదాన్నే. అప్పటికప్పుడు ఆ పేజీ మొత్తం చెరిపేసి, ఈ గోలంతా వదిలేద్దామనుకున్నాను. మళ్ళీ మనసొప్పలేదు. "సార్, మరి ఏం రాయొచ్చు?" అని అడిగాను.

"నువ్వు ఏం చేస్తవో ఉన్నదున్నట్టు రాయి. వాళ్ళు వెతుక్కుంటొచ్చి సదువుకుంటే అది వేరు. నువ్వు పోయి వాళ్ళ తలుపు కొట్టుడు వేరు. రాసినంక నాకు సూపియ్యి."

ఏం చేస్తానో నాకు తెలుసుననే అనుకున్నాను. కాగితం మీద పెట్టబోతే అకౌంట్స్, ఆడిట్, టాక్స్ అనే మూడు మాటలు తప్ప మరేమీ రాలేదు. ఆ వారంలోనే పారిశ్రామికవాడలో గేట్లు, గ్రిల్స్ చేసే ఒక పెద్దాయన తన కాగితాలు తీసుకుని వచ్చాడు. మా నాన్న పంపగా మొదట నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. పని అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"కాకా, మీ షెడ్డు పక్కనే ఇంకో ఆఫీసు ఉంది గదా. నాన్న చెప్తే ఒకసారి వచ్చిన్రు. మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తున్నరు?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "ఆడ సంతకం పెట్టు అంటరు, పెట్టేటోణ్ణి. ఎందుకు పెట్టిన్నో ఇంటికి పోయినంక గూడ తెల్వకపోయేది. నువ్వు మన మాటల సమజ్ చేసినంకనే పెన్ను ఇస్తవు. గంతే బిడ్డా."

అది గొప్ప పని అని నాకెప్పుడూ తోచలేదు. సంతకం పెట్టే మనిషికి చెప్పకుండా ఎలా పెట్టిస్తాం? ఆయన వెళ్ళగానే కూర్చుని రాశాను. హెడ్‌లైన్‌లో: చార్టర్డ్ అకౌంటెంట్, చిన్న తయారీ యూనిట్ల అకౌంట్స్, ఆడిట్, వ్యాట్, ఎక్సైజ్, పటాన్‌చెరు, సంగారెడ్డి. నూట ఇరవై దాటకుండా మూడుసార్లు కత్తిరించాను. ఎక్సైజ్ తీసేయమంది అక్క. తయారైన సరుకు మీద కట్టే పన్ను అది, ఫ్యాక్టరీ పెట్టేవాడు ముందు వెతికే మాట అదేనని నేను ఉంచాను. సమ్మరీలో నాలుగు పేరాలు, చిన్న వాక్యాలు. ఎలాంటి యూనిట్లకు పని చేస్తాను, ఏయే పనులు, ఎక్కడ చదివి ఎక్కడ నేర్చుకున్నాను. అన్నిటికంటే పైన ఒక వాక్యం: "ఏ పత్రమైనా సంతకానికి ముందు అందులో ఏముందో తెలుగులో గానీ హిందీలో గానీ వివరిస్తాను."

సార్ రెండుచోట్ల కొట్టేశారు. క్లయింట్ల పేర్లు రాసిన వరుస ఒకటి, "తక్కువ ఫీజు" అన్న మాట ఒకటి. తెలుగులో వివరిస్తానన్న వాక్యం దగ్గర ఆగి, "ఇది ఉండనీ," అన్నారు. "రాసినవంటే చెయ్యాలె మరి."

రెండు నెలలు ఎవరూ రాలేదు. అక్క రోజూ అడిగేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. తర్వాత ఆ పేజీలోనే ఒక ఉత్తరం వచ్చింది. రాసినతను పెద్ద ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు, ఉద్యోగం మానేసి సొంతంగా లేత్ మిషన్ల షెడ్డు పెడుతున్నాడు. పటాన్‌చెరు, ఎక్సైజ్ అని వెతికితే నా పేజీ కనిపించిందట. "మా అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమెను పార్ట్‌నర్‌గా పెడుతున్నాను. మీరు తెలుగులో చెప్తారని రాసుకున్నారు కాబట్టి వస్తున్నాం" అని రాశాడు.

తల్లీకొడుకులు వచ్చారు. కొడుకు ఎక్కడో రాయించుకొచ్చిన భాగస్వామ్య పత్రం బల్ల మీద పెట్టాడు. షెడ్డు ఉన్న జాగా ఆమెది. దాని పక్కనే కూతురికని ఉంచిన రెండెకరాల మెట్ట చెలక కూడా ఆమె పేరు మీదే ఉంది. ఒక్కో షరతూ చదివి చెబుతుంటే ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"బిడ్డా, దుకాణం నడవకపోతే?" అని అడిగింది.

"భాగస్తులంటే అప్పుకు అందరు జవాబుదారే అమ్మా. షెడ్డుతోని తీరకపోతే మీ చెల్క మీదికి గూడ రావచ్చు."

కొడుకు ముఖం మాడిపోయింది. "మేడమ్, గదంతా ఇప్పుడెందుకు? నడవదని ఎందుకనుకోవాలె?" అన్నాడు.

ఒక్క క్షణం భయపడ్డాను. ఆ పేజీ చూసి వచ్చిన మొదటి మనిషి లేచి పోయేలా ఉన్నాడు. అయినా నేను రాసుకున్నది రాసుకున్నట్టు చేయకపోతే, అది కూడా నంబర్ వన్ లాంటి మాటే అవుతుంది. "నడవాలనే నాకు గూడ ఉంది," అన్నాను. "కానీ సంతకం అమ్మది. ఆమెకు తెలవాలె."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నీ మీద నమ్మకం లేక కాదు. ఆ చెల్క చెల్లెది. ఇంకో తొవ్వ ఉంటే అడుగు."

ఉందని చెప్పాను. ఆమె భాగస్తురాలు కాకుండా, జాగా వరకు కొడుక్కి కిరాయికి ఇచ్చి అగ్రిమెంట్ రాసుకోవచ్చు. వ్యాపారం అతనొక్కడి పేరు మీద ఉంటుంది కాబట్టి దాని అప్పు ఆమె చెలక దాకా రాదు. రేపు బ్యాంకు ఆమెను ఏదైనా హామీ సంతకం అడిగితే, ముందు నా దగ్గరికి తెమ్మన్నాను.

అతను కాగితాలు సర్దుకుని తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనే అనుకున్నాను. అక్కకు చెబితే, "ఉన్న ఒక్కణ్ణి గూడ ఎల్లగొట్టినవా?" అంది. పేజీలో ఆ వాక్యం తీసేయాలా అని మాత్రం నేను ఆలోచించలేదు.

పదిరోజులకు అతను కిరాయి అగ్రిమెంట్ ముసాయిదాతో ఒక్కడే వచ్చాడు. కుర్చీలో కూర్చుని దాన్ని నా ముందుకు జరిపాడు. "మా చెల్లె నాతోని సరిగ్గ మాట్లాడి ఏడాదైంది మేడమ్," అన్నాడు. "దాని చెల్క జోలికి పోలేదని అమ్మ చెప్తే నిన్న ఫోన్ చేసింది." ఆ తర్వాత వ్యాట్ రిజిస్ట్రేషన్‌కు ఏమేం కావాలో అడిగి రాసుకున్నాడు.

షెడ్డులో మొదటి మిషన్ నడిపిన రోజు నన్నూ పిలిచారు. వాళ్ళమ్మ గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపల ఇనుము కోస్తున్న చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడడం లేదు. నన్ను చూసి, పక్కనున్న నూనె డబ్బాకు తగలకుండా చేయి పట్టి తన వైపు లాగింది. "జెర ఇటు జరుగు బిడ్డా, చీరకు నూనె అంటుతది," అని చెవిలో గట్టిగా చెప్పింది.