సముద్రం తప్పు వైపున్న ఫోటో

మా మేనత్త రాళ్ల చేత మాట్లాడిస్తుంది. పుట్టగానే అందరు పిల్లల్లా ఏడవకుండా, ఎత్తుకున్న నర్సు అరచేతిలోని గీతలు చూసి అది ఏ కాలపు రాతో చెప్పిందని మా ఇంట్లో అనుకుంటారు. మా ఇంట్లో అంటే నేనే. మిగతావాళ్లకి అంత ఊహ లేదు. డిగ్రీ రెండో ఏడాదిలోనే చదువుకి నా అవసరం లేదని గ్రహించి మర్యాదగా తప్పుకున్నవాణ్ణి కాబట్టి, చదువుకున్నవాళ్ల గొప్పతనం నాకు దూరం నుంచి బాగా కనిపిస్తుంది.

అత్త పని మ్యూజియంలో, శాసనాల గదిలో. ఆ గది మెట్ల కింద ఉంటుంది. మూలనున్న ఒక్క కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద మెడ వంగే దీపం. రాతి మీద తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, పైన సిరా పూసి తీసిన అచ్చులు తాడు మీద ఉతికిన బట్టల్లా వేలాడుతుంటాయి. సిరా ఉన్న వైపు నుంచి చూస్తే రాత సరిగ్గా కనిపిస్తుంది, వెనక నుంచి చూస్తే తిరగబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు వెనక నుంచి చదవబోతే అత్త ఏమీ అనదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటుంది. దానికన్నా తిట్టడమే నయమని అందరూ అంటారు.

ఆవిడ ఆస్తి ఒక చెక్కపెట్టె. అందులో అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్కో అక్షరం, ఒక్కో లిపిలో. ‘క’ ఒక కుటుంబం, ‘మ’ ఒక కుటుంబం.

"అన్నీ బ్రాహ్మి అనే ఒకే ముసలమ్మ మనవలురా," అంటుంది. "దేశాలు పట్టిపోయి ఒకడు లావయ్యాడు, ఒకడు గుండ్రమయ్యాడు, ఒకడు తలపాగా పెట్టాడు. ముక్కు మాత్రం పోదు."

"మరి నా ముక్కు ఎవరిదత్తా?"

"మీ నాన్నదే. వాడూ పరీక్షలకి ముందే ఇంటికొచ్చేవాడు."

అత్తకి మధ్యాహ్నం భోజనం తీసుకెళ్లడం నా ఉద్యోగం. అలా వెళ్లిన ఒకరోజు సరంగు తాత వచ్చాడు. రేవులో లాంచీలు నడిపి రిటైరైన మనిషి. నడకలో ఇంకా అల ఊపు ఉంది. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి అరచేయంత నలుపు తెలుపు ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మ సమాధి రాయమ్మా ఇది," అన్నాడు.

విషయం ఇది. రేవు పక్కన కూలీల శ్మశానం ఉండేది. రేవు పెంచేటప్పుడు ఆ నేల కలిపేసుకున్నారు. రాళ్లు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. ఇన్నేళ్లకి రేవు ఆఫీసువాళ్లకి మనసు కరిగి, అక్కడ పడుకున్నవాళ్ల పేర్లతో ఒక గోడ కడుతున్నారు. శనివారంలోగా పేరివ్వాలి. ఇవ్వనివాళ్ల చోట ‘పేరు తెలియదు’ అని చెక్కుతారు.

"మీ అమ్మగారి పేరు మీకు..." అని అత్త ఆగింది.

"అమ్మే. నాకు పాలపళ్లు ఊడకముందే పోయింది. చుట్టుపక్కలోళ్లు బుడ్డోడి తల్లీ అని పిలిచేవాళ్లు. బుడ్డోణ్ణి నేనే. ఆమెతో పాటు ఓడెక్కి వచ్చినోళ్లు డబ్బులేసుకుని రాయి చెక్కించారు. వాళ్ల రాత ఇక్కడి శిల్పికి రాదుగా, కాగితం మీద గీసిచ్చి చెక్కమన్నారు. తర్వాత వాళ్లూ తలో దిక్కూ పోయారు. నన్ను పక్కింటోళ్లు పెంచారు, వాళ్ల మాటే నా మాట. రేవు పెంచకముందు స్టూడియోవాణ్ణి తీసుకెళ్లి ఈ ఫోటో తీయించింది కూడా వాళ్లే. ఇది ఏ రాతో ఎవరినడిగినా చెప్పలేదమ్మా."

"ఎవరినడిగారు?"

"పడవలెక్కిన ప్రతివాణ్ణీ."

నేను తొంగి చూశాను. నాకైతే వానలో గొడుగులు పట్టుకుని నిలబడ్డ జనంలా ఉంది. వరసగా గుండ్రటి వంపులు. చాలా అక్షరాల కింది సగం నాచు.

పక్కగదిలోంచి క్యూరేటర్ వచ్చి చూసి, "బర్మా లిపి. అన్నీ సున్నాలే కదా," అన్నాడు. మంచి మనిషి, త్వరగా సంతోషపడతాడు.

అత్త పెట్టె తెరిచింది. "సున్నాని నమ్మకూడదు సార్. ఒక లిపిలో అది ‘ఠ’, ఇంకోదాంట్లో ‘వ’, మనకి పూర్ణానుస్వారం. పైగా బర్మా సున్నా పైకి తెరుచుకుంటే ఒక అక్షరం, కిందికి తెరుచుకుంటే ఇంకొకటి, కుడికి తెరుచుకుంటే మరొకటి. ఇక్కడ చూడండి, అన్ని వంపులూ కిందికే తెరుచుకున్నాయి. అందరూ ఒకేలా ఉంటే అది మొహం కాదు, టోపీ. మన అక్షరాలకి తలకట్టు లాంటిది. మొహం కింద ఉంది, నాచులో."

ఫోటోని స్కాన్ చేసి కంప్యూటర్లో పెంచింది. నాచు కింద గీతలు లోతుగా ఉన్నాయి కాబట్టి కొన్ని నీడలు తేలాయి. వాటిని పలుచటి కాగితం మీద గీసుకుని, ఒక్కో అట్ట పక్కన పెట్టి చూడ్డం మొదలుపెట్టింది. టోపీ చూస్తే ఒడియా పోలిక. కానీ ఒడియాలో చాలా అక్షరాలకి నిటారు గీత కుడిపక్కన దిగుతుంది. ఇక్కడ అదే గీత ఎడమపక్కనుంది. కొన్నిచోట్ల అక్షరానికి ముందు విడిగా ఒక గీత నిలబడింది. అక్షరానికి ఎడమపక్క నిలబడే గుణింతపు గుర్తులు చాలా లిపుల్లో ఉన్నాయి, మలయాళంలో, సింహళంలో, బర్మాలో. అవన్నీ వెతికింది. వాటన్నిటికీ ఏదో ఒక మెలికో కొక్కెమో ఉంటుంది. ఇలా ఉత్త కర్రలా నిలబడేది ఒక్కటీ లేదు.

మర్నాడు వెళ్లేసరికి బల్ల కనబడలేదు, అట్టలే. అత్త అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ ముద్ద అలాగే శిలాజం అయిపోయిందని, ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉందని నేను మా వీధిలో చెప్పాను. నమ్మినవాళ్లు ఉన్నారు.

"శిల్పికి ఆ రాత రాదు కదత్తా, ఇష్టమొచ్చినట్టు చెక్కుంటాడు."

"ఇష్టమొచ్చినట్టు చెక్కితే తప్పులు తలో రకంగా ఉంటాయి. ఇతను ఒకే తప్పు అన్నిచోట్లా చేశాడు. అది తప్పు కాదు, పద్ధతి."

శుక్రవారం సరంగు తాత మళ్లీ వచ్చాడు. గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, అత్త భుజాల వంక చూస్తున్నాడు. కాసేపటికి, "పోనీలెండమ్మా," అన్నాడు. "పేరు తెలియదు అని చెక్కినా, ఆ గోడ మీద ఆమెకో చోటుంటుంది."

అత్త అక్షరాల్ని వదిలేసి, రాయి మొత్తాన్ని చూస్తోంది.

"సార్," అని క్యూరేటర్ని పిలిచింది. "శిల్పులు వరస మొదట్లో దర్జాగా చెక్కుతారు. చివరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాల్ని ఇరికిస్తారు. ఇందులో ఇరుకు ఎటుంది?"

"ఎడమవైపు," అన్నాడాయన. వెంటనే మొహం వెలిగింది. "అంటే కుడి నుంచి ఎడమకి రాశారు. ఖరోష్ఠి!"

"ఖరోష్ఠి పోయి ఎన్నో వందల ఏళ్లయింది సార్. దానికీ ఈ టోపీలకీ చుట్టరికం లేదు." అత్త సరంగు తాత వైపు తిరిగింది. "బాబాయ్ గారూ, రాయి వెనక పొడుగ్గా కనిపించేది ఏంటి?"

"లైట్‌హౌసమ్మా."

"ఈ పక్కన తెల్లగా ఉన్నది సముద్రమా?"

"సముద్రమే." ఆయన టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ఒక సంగతుంది, చెప్తే నవ్వుతారు. అమ్మ దగ్గరికి పక్కింటమ్మ నన్ను తీసుకెళ్తుండేది. రాయికి ఎదురుగా నిలబడితే గాలి నా కుడిచెంపకి కొట్టేది. సముద్రం కుడివైపుండేది. ఈ ఫోటోలోనేమో ఎడమవైపుంది. పసితనం కదా, నాదే పొరపాటు అనుకున్నా. ఎప్పుడు చూసినా అదే అనుకుంటా."

అత్త కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఈసారి ఎవరి కోసమో కాదు, తన కోసమే.

"మీది పొరపాటు కాదు," అంది. "స్టూడియోవాడు ఫిల్మును తిరగేసి ప్రింటు వేశాడు. అచ్చుల్ని వెనక నుంచి చదవొద్దని రోజూ అందరికీ చెప్తాను. ఈ ఫోటో ఎటువైపు నుంచి వేశారో అడగడం నేనే మర్చిపోయాను."

కంప్యూటర్లో ఒక్క నొక్కు. నేనైతే ఈ చోట ఒక ఉరుము, కిటికీలోంచి ఒక పావురం పెట్టేవాణ్ణి. ఏమీ రాలేదు. బొమ్మ తిరిగింది, అంతే. సముద్రం కుడివైపుకి వెళ్లింది. నిటారు గీతలు అక్షరాల కుడిపక్కకి వచ్చి నిలబడ్డాయి. ముందు నిలబడ్డ కర్రలు అక్షరాల వెనక్కొచ్చి దీర్ఘాలయ్యాయి. అత్త ఒడియా అట్టల్ని ఒక్కొక్కటే తెచ్చి పక్కన పెడుతుంటే, తప్పిపోయి దొరికిన పిల్లల్లా ఒక్కొక్కటీ తన వాళ్ల పక్కకి చేరింది.

పేరు వెంటనే చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. పేరులో ఒక అక్షరం నాచులో సగం మునిగింది. అది ‘మ’ కావచ్చు, ‘స’ కావచ్చు. ఒడియాలో ఆ రెండూ కవలలు, తేడా అంతా కింది మెలికలో ఉంటుంది.

"ఏదో ఒకటి చెప్పండమ్మా," అన్నాడు సరంగు తాత. "ఇంతవరకూ ఏదీ లేదుగా."

"ఏదో ఒకటి మీ అమ్మ పేరు కాదు బాబాయ్ గారూ."

చివరి వరసకి దిగింది. అక్కడ అంకెలున్నాయి, అంటే తేదీ. అంకెల పక్కన టోపీ, కర్ర, టోపీ. తేదీ పక్కన ఉండాల్సిన మాట ‘మాస’. ఒకే ఉలి, ఒకే చేయి, ‘మ’, ‘స’ పక్కపక్కన, నాచు లేకుండా. శిల్పికి ఆ రాత రాకపోవచ్చు. గీసిచ్చిన కాగితానికి మాత్రం ద్రోహం చేయలేదు, రెండు మెలికల్నీ వేరుగా చెక్కాడు. అత్త ఆ రెంటినీ పలుచటి కాగితం మీదికి ఎత్తి, పేరులోని అక్షరం మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. ఒకటి అతికింది. అయినా అక్కడితో ఆగలేదు. ఆ భాష ఇంట్లో మాట్లాడే ఒక స్నేహితురాలు వేరే మ్యూజియంలో ఉంది. తను చదివిన పేరు చెప్పకుండా, తిప్పిన ఫోటో మాత్రం ఆవిడకి పంపింది. సరంగు తాత టీ చల్లారిపోయాక జవాబొచ్చింది. ఇద్దరూ చదివిన పేరు ఒక్కటే.

అప్పుడు అత్త కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని, ఆయన తల్లి పేరు చెప్పింది. చిన్న పేరు. నేనిక్కడ రాయను. కావాలంటే గోడ దగ్గరికి వెళ్లి చదువుకోండి.

ఆయన ఆ పేరుని నాలుక మీద పెట్టుకుని చూశాడు. మళ్లీ అన్నాడు. తర్వాత ఫోటోని కవర్లో పెట్టబోయి, ఆగి, "ఇది మీ దగ్గరుండనివ్వండమ్మా. నాకు తిప్పినది ఇవ్వండి," అన్నాడు.

పేరు శనివారం పొద్దున రేవు ఆఫీసుకి అందింది. నేనే తీసుకెళ్లాను. ఆ దెబ్బకి రేవులోని ఓడలన్నీ సైరన్లు మోగించాయని, మా అత్త ఫోటో మీద చేయి వేయగానే రాయి గొంతు సవరించుకుని పేరు చెప్పిందని ఆదివారం భోజనాల దగ్గర అందరికీ వివరిస్తుంటే, అత్త పప్పు వడ్డించుకుంటూ అంది:

"రాయి ఏం మాట్లాడలేదు. సముద్రం ఎటుందో ఆయన చెప్పాడు. నేను ఫోటో తిప్పాను."