తువ్వాలు మీద పడ్డ ఆరు

ఆటసామాన్లు తయారుచేసే ఆ కార్ఖానాలో అందరూ ఆమెను టకటకమ్మ అంటారు. ఆమె పని పాచికల్ని పరీక్షించడం. ప్రతి బ్యాచ్ నుంచి ఒక చెక్క పాచికను తీసి, డబ్బాలో గిలకరించి, చెక్క పళ్లెంలోకి ఆరు వందల సార్లు విసరాలి. పడ్డ ముఖానికి దాని గడిలో ఒక గీత. నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా. పాచికలో దోషం లేకపోతే ఒక్కో గడిలో వందకు అటూ ఇటూగా గీతలుండాలి.

ఆ పాచికల్ని కోసి, నున్నగా చేసి, చుక్కలు తొలిచేది ఆమె వియ్యంకుడే. మితభాషి. కూతురు కాపురం చేస్తున్నది ఆయన ఇంట్లోనే కాబట్టి పని దగ్గర మొహమాటపడకూడదని ఆమె పట్టుదల. ఆ పట్టుదల కొంచెం ఎక్కువైందని తరవాత ఆమెకే అనిపించింది.

ఆరు మరీ ఎక్కువ పడుతోందని ఒక దుకాణం నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆ బ్యాచ్‌లోంచి ఒక పాచిక తీసి ఆమె పరీక్ష చేసింది. ఆరు గడిలో నూట నలభై ఆరు గీతలు తేలాయి.

"చెక్క ఒక పక్క బరువుందేమో, చెల్లెమ్మా. ఇంకోసారి చూస్తావా?" అన్నాడు వియ్యంకుడు, ఓనరు ముందు, పదిమందిలో.

"గీతలకు చుట్టరికాలుండవు అన్నయ్యగారూ," అంది ఆమె. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆమెకు బాగానే అనిపించింది.

బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేశారు. ఆయన్ని కోత మిషను మీంచి తీసి అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సరైన చెక్క తెప్పించేదాకా అని ఓనరు అన్నాడు గాని, ఆ మిషను మీద అప్పటికే ఇంకొకడు చెయ్యి తిప్పుతున్నాడు.

ఆదివారం కూతురు వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మామయ్య అన్నం సరిగ్గా తినట్లేదమ్మా. అసలు ఎలా కనిపెట్టావో నాకు చూపించు."

ఆ పాచిక ఆమె సంచిలోనే ఉంది. మంచం మీద తువ్వాలు పరిచి వేసింది. మూడు. అలాగే రెండు వేళ్లతో పైకెత్తి వదిలింది. మూడు. మళ్లీ ఎత్తి వదిలింది. మళ్లీ మూడే.

"ఇదేంటమ్మా, వెయ్యడమా? కోడి గుడ్డు పెట్టినట్టు పెడుతున్నావు! అది దొర్లితేగా మారడానికి."

"మా పక్క బల్ల దగ్గర కూర్చునే కొత్త గుమాస్తా తలనొప్పి, తలనొప్పి అని నా ప్రాణం తీశాడే. చప్పుడు కాకుండా పళ్లెంలో తువ్వాలు వేశాను. డబ్బా కూడా మోగుతుందని మానేసి, ఇలాగే చేత్తో..."

ఆరు పడ్డాక మళ్లీ ఆరు, మళ్లీ ఆరు వరసగా పడటం ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు వియ్యంకుడి చెక్కనే తిట్టుకుంది. ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో చెప్పే గీతలు, ఏది దేని వెనక పడిందో చెప్పలేదు.

సోమవారం తువ్వాలు తీసేసింది. అదే పాచిక, ఖాళీ పళ్లెం, డబ్బా. గుమాస్తా చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. ప్రతిసారీ బాగా గిలకరించి, పాచిక పళ్లెం గోడకు తగిలి దొర్లేలా విసిరింది. ఈసారి ఆరు గడిలో నూట మూడు. తక్కిన గడులూ తొంభై ఒకటికీ నూట పదికీ మధ్యనే. అన్నీ సరిగ్గా వంద వంద రావు, అంత తేడా మామూలే. పాచికలో ఏ దోషమూ లేదు. ఫిర్యాదు సంగతంటారా, ఓడినవాడికి ఎదుటివాడి ఆరే గుర్తుంటుంది.

గీతల కాగితం మడిచి రవికలో దోపుకుంది. ఆ పూటంతా అది అక్కడే ఉంది. ఓనరుకు చాటుగా చెబితే సరిపోదా అని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. తను వియ్యంకుడి పరువు తీసింది చాటుగా కాదు కదా.

సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుండగా అట్టపెట్టెల బల్ల దగ్గర నిలబడి ఓనర్ని పిలిచింది.

"తప్పు పాచికది కాదు సార్. నేను దాన్ని దొర్లనివ్వలేదు. తువ్వాలు మీద పెట్టాను, అంతే. అన్నయ్యగారి పనిలో వంక లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఓనరు కాగితం చూసి, "రేపట్నుంచి మీ మిషను మీదే మీరు," అని వియ్యంకుడితో అన్నాడు.

వియ్యంకుడు చేతిలో పెట్టె పూర్తిగా మడిచి పక్కన పెట్టాడు.

"నా చెయ్యే వణుకుతోందనుకున్నాను చెల్లెమ్మా. వయసొచ్చింది కదా అని. ఇంట్లో ఎవరూ చూడకుండా చెయ్యి చాపి చూసుకునేవాణ్ణి."

ఆమె ఆయన చేతుల వంక చూడలేకపోయింది. మర్నాడు ఆయన తన మిషను దగ్గర కూర్చున్నాడు. ఇవతల డబ్బా మోగుతూనే ఉంది. గుమాస్తా దూది తెచ్చుకున్నాడు. ఆమె మాత్రం పళ్లెంలోంచి తల ఎత్తలేదు.