రిపోర్టులో ఒక్కడే పర్వతాలు

ఖమర్ సుల్తానాకు పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే దిగులు మొదలయ్యేది. షాద్‌నగర్ దాటాక హైవే పక్కనున్న ఆ బోరు మోటార్ల కంపెనీలో ఆమె సేల్స్ విభాగానికి కంప్యూటర్ మనిషి. ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. రోజూ అందరికన్నా ముందొచ్చి, కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి, స్విచ్చి వేసి, ఎక్సెల్‌లో ఒక ఫైలు తెరిచేది. మిగతా పనంతా ఆ ఫైలే చేసుకునేది. అది సరిగ్గా చేస్తుందో లేదో చూడడమే ఖమర్ పని, ఆమె దిగులూ అదే.

ఆ ఫైలు వెనక ఖమర్ రాసిన మాక్రో, అంటే వరసగా చేయాల్సిన పనులు లైన్లుగా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం ఉంది. ఫైలు తెరవగానే అది నిన్నటి వరుసలన్నీ చెరిపేసి, పక్క గదిలోని పెద్ద కంప్యూటర్‌లో ఉన్న సీఆర్ఎం దగ్గరికి పోయేది. సీఆర్ఎం అంటే ఏ రైతు ఎప్పుడు మోటారు అడిగాడు, ధర చెప్పారా, బేరం ఎందాకా వచ్చింది అన్నీ ఎక్కించి పెట్టే సాఫ్ట్‌వేర్. హైదరాబాద్ కంపెనీ ఒకటి అమ్మిపోయింది. ఊళ్ళు తిరిగే సేల్స్‌మెన్లు సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి చెబుతుంటే ఆఫీసులో ఇద్దరు ఆపరేటర్లు అందులో కొట్టేవాళ్ళు. మాక్రో ఇంకా తెగని బేరాలన్నిటినీ అక్కడి నుంచి లాక్కొచ్చి ఒక షీటులో పోసి, రెండో షీటులోని పట్టికను తాజా చేసేది. ఏ ఏరియాలో ఎంక్వైరీలెన్ని, కొటేషన్లెన్ని, ఖాయమయ్యేలా ఉన్నవెన్ని, అన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చేవి. దాని పేరు పైప్‌లైన్ రిపోర్టు. అది పీవీసీ పైపుల లెక్క అనుకుని స్టోర్స్ వాళ్ళు మొదట్లో ఒక కాపీ మాకూ కావాలని తగువు పెట్టుకున్నారు కూడా. సోమవారాలు మాత్రం ఆపరేటర్లు మొదటి షీటు నుంచి ఎవరి ఏరియా రైతుల పేర్లూ మోటార్ల వివరాలూ వాళ్ళకు ప్రింట్ తీసి పంపేవాళ్ళు.

సేల్స్ మేనేజర్ రామచంద్రం సారుకు ఆ కాగితం ముందు పెద్ద పెద్ద మనుషులు కూడా లెక్కలోకి రారు. ఎవరు ఏం చెప్పబోయినా వేలితో కాగితం మీద కొట్టి, "కంప్యూటర్ అబద్ధం చెప్తదా?" అనేవాడు. కంప్యూటర్ చెప్పదు నిజమే. కానీ దానికి నేర్పిన మనిషి సంగతేంటని అడిగే ధైర్యం ఆ ఆఫీసులో ఎవరికుంది!

ఆ ఉదయం సంగతి వేరు. మీటింగ్ ఉంది. కంపెనీ యజమాని ప్రమీలమ్మ గారు వస్తున్నారు. అచ్చంపేట ఏరియా ఎత్తేసి, అక్కడి సేల్స్‌మన్ ఐలేశాన్ని ఇంటికి పంపేద్దామని రామచంద్రం సారు పట్టుమీద ఉన్నాడు. నెలల తరబడి రిపోర్టులో అచ్చంపేట వరుస బక్కచిక్కిపోయి కనబడుతోంది మరి. ఐలేశాన్ని కూడా పిలిపించారు. అతను అడవి అంచునుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, అది చూస్తేనే ఖమర్‌కు ప్రాణం ఉసూరుమంది.

"ఖమరమ్మా, మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు.

"మంచిగున్న ఐలేశమన్నా. చాయ్ తాగినవా?"

"తాగబుద్ధి అయితలేదమ్మా. లోపల ఏం చెప్తరో ఏమో."

ఆమె లోపలికి పోయింది. అంతకుముందు సాయంత్రమే రామచంద్రం సారు ఒక పని పురమాయించాడు. "అచ్చంపేట పేర్లన్నీ విడిగా ప్రింట్ తియ్యి. మేడం ముంగట పెడ్త. గీ మనిషి నెలంతా తిరిగి ఏం పీకిండో ఆమెనే చూస్తది" అన్నాడు. పట్టికలో అంకెలే ఉంటాయి, పేర్లుండవు. పేర్ల కోసం పట్టిక దాకా పోనక్కర్లేదని ఖమర్ మాక్రోను మధ్యలో ఆపింది. సీఆర్ఎం నుంచి వరుసలు వచ్చి షీటులో పడ్డ చోటే ఆపి, అచ్చంపేటవి మాత్రం వేరుచేసి చూసింది.

వరుసలు తెరనిండా వచ్చాయి. తెర దాటి కిందికీ ఉన్నాయి. రిపోర్టులో ఉన్నవేమో చేతివేళ్ళకు సరిపోయేవి.

ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని మళ్ళీ లాగింది. మళ్ళీ అన్నే వచ్చాయి. పేర్లు చదివింది. పర్వతాలు, పర్వతాలు, మల్లప్ప, పర్వతాలు, మల్లప్ప. ఊరొకటే. కానీ అడిగిన మోటార్లు వేరు, తేదీలు వేరు. అప్పుడామె ఆపిన చోటి నుంచి మాక్రోను ఒక్కొక్క లైనే నడిపించింది. పేరు, ఊరు చొప్పున వరుసలన్నీ సర్దుకున్నాయి. ఆ తర్వాత కింది నుంచి పైకి పోతూ, పై వరుసలో అదే పేరు, అదే ఊరు ఉంటే కింది వరుసను తీసేయడం మొదలైంది. ఒక పర్వతాలు పోయాడు. ఇంకో పర్వతాలు పోయాడు. మల్లప్ప పోయాడు. ఊరికొక పర్వతాలు, ఊరికొక మల్లప్ప మిగిలారు.

ఆ లైన్లు రాసింది తనే. దసరా ముందు ఒకే ఫోన్‌లో చెప్పిన బేరాన్ని ఇద్దరు ఆపరేటర్లూ ఎక్కించడంతో, అది రెండు ఎంక్వైరీ నంబర్లతో రెండుసార్లు కనబడింది. ప్రమీలమ్మ గారి ముందు పరువు పోయిందని రామచంద్రం సారు ఎగిరెగిరి పడ్డాడు. ఎంక్వైరీ నంబరు వేరైనా పేరూ ఊరూ ఒకటైతే ఒకటే బేరం అని ఖమర్ అప్పటికప్పుడు ఆ లైన్లు రాసి పెట్టింది. షాద్‌నగర్ బజారులో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ గల్లీలో ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఒకరికి దుకాణం పేరో, ఇంకొకరికి పని పేరో తగిలించి పిలుస్తారు. ఊళ్ళలో ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు?

వరండాలోకి ఉరికింది. "అన్నా, మీ దిక్కు పర్వతాలు అంటే ఎంతమంది?"

ఐలేశానికి అంత దిగులులోనూ నవ్వొచ్చింది. "ఎంతమంది ఏందమ్మా? శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంటే పుట్టినోళ్లందరూ పర్వతాలే, మల్లప్పలే. కేకేస్తే సగం ఊరు ఎనక్కి చూస్తది. నాయిన పేరు పెట్టి పిలుస్తం."

ఇంకో సేల్స్‌మన్ తిరిగే నార్కట్‌పల్లి దిక్కు మోటార్లు కొనేది ధాబాలూ పెట్రోలు బంకులూ, ఒక పేరు రెండోవాళ్ళకు ఉండదు. అందుకే అక్కడి వరుస నిండుగానే ఉండేది. దెబ్బంతా ఐలేశం ఒక్కడికే తగిలింది.

ఖమర్ తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఐలేశం ఇంటికి పోతాడు, తను వచ్చే నెల పర్మినెంట్ అవుతుంది. ఆ లైన్లు ఎవరూ చదవరు, చదివినా అర్థం కాదు. చెబితే తన పని అయిపోయినట్టే. సైకిల్ షాపులో పనిచేసి మోకాళ్ళు పట్టేసిన తండ్రి అబ్దుల్ హమీద్ కళ్ళ ముందు మెదిలాడు. యా అల్లా, ఎటూ పోనియ్యవా నన్ను అనుకుంది. బయట ప్రమీలమ్మ గారి కారు ఆగిన చప్పుడైంది.

ఆమె మళ్ళీ కీబోర్డు ముందుకు జరిగింది. ఎంక్వైరీలో తండ్రి పేరూ పొలం సర్వే నంబరూ కూడా ఉంటాయి. రిపోర్టుకు అవసరం లేదని తను ఇన్నాళ్ళూ తెచ్చుకోలేదు. ఇప్పుడు సీఆర్ఎం నుంచి ఏమేం తేవాలో చెప్పే క్వెరీలో ఆ రెండూ చేర్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు నాలుగూ కలిస్తేనే ఒకటే బేరమని మార్చింది. అప్పుడు కూడా తీసేయకుండా ఎర్రరంగు మాత్రం వేసి, మనిషి చూసి తేల్చేలా పెట్టింది. మాక్రో నడిపి, ప్రింట్ తీసుకుని, తలుపు కొట్టింది.

"మేడం, అచ్చంపేట లెక్క తప్పు. తప్పు నాది. దసరా నుంచి రోజూ తప్పే వస్తాంది" అంది. కొత్త ప్రింటు బల్ల మీద పెట్టింది.

రామచంద్రం సారు మొహం నల్లబడింది. "ఏం మాట్లాడుతున్నవు? కంప్యూటర్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ప్రమీలమ్మ గారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూశారు. కొత్తదాంట్లో ఏరియాలన్నిటికన్నా పొడుగు వరుస అచ్చంపేటదే.

"ఈ కాగితం చూసి నేను ఒక మనిషిని తీసేద్దామనుకున్నా" అన్నారు చివరికి. "ఐలేశం ఉంటాడు. నీ సంగతి తర్వాత చూద్దాం ఖమర్."

ఉద్యోగం ఉందో పోయిందో తెలియకుండానే ఖమర్ వరండాలోకి పరుగెత్తింది. "అన్నా, నిన్ను తీసేస్తలేరు! నీ రైతులందరూ ఉన్నరు. నా మాక్రోనే వాళ్ళను కొట్టేసింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఐలేశం సంతోషపడతాడనుకుంది. అతను బల్ల మీదినుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వు కొట్టేసినవా? నేను మేనేజర్ సారు కొట్టేసిండనుకున్న బిడ్డా. సోమవారం సోమవారం పేర్ల కాయితం పంపుతరు గద. అండ్ల లేరంటే, బోరు లోతు ఎక్కువనో ఏమో, వాళ్ళకు మోటరు ఇయ్యరనుకున్న. ఒకసారి ఫోన్ల అడిగితే కంప్యూటర్ అబద్ధం చెప్తదా అని లైన్ కట్ చేసిండు. మల్ల అడగలే."

"మరి వాళ్ళకు ఏం చెప్పినవు అన్నా?"

"ఏం చెప్త? మీకు మా కంపెనీ ఇయ్యదట, ఏరే జాగాల చూసుకోమన్న. నా నోటితోనే చెప్పిన." అతను ఇస్త్రీ చొక్కా కొసను మడుస్తూ ఉండిపోయాడు. "ఎండలు ముదిరినయి. బోర్లు ఎండుతాంటే రైతు ఆగుతడా?"

మధ్యాహ్నం బస్సుకే అతను వెళ్ళిపోయాడు. ఆ వారం రోజూ సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి అతని ఫోన్ వచ్చేది. ఖమర్ ఆపరేటర్లను తీసుకోనివ్వకుండా తనే అందుకునేది. సాయన్న కొడుకు పర్వతాలు వేరే కంపెనీ మోటారు దింపుకున్నాడు. లింగయ్య కొడుకు పర్వతాలు కూడా. పెద్ద మల్లప్ప ఐలేశం మొహం కూడా చూడలేదు. ఒక్క ఎల్లయ్య కొడుకు పర్వతాలు మాత్రం బోరే వేయలేదు కాబట్టి ఇంకా ఆగి ఉన్నాడు. ఆమె ఒక్కొక్కరి ఎంక్వైరీ తెరిచి, ఎవరి దగ్గర తప్పు చేస్తానోనని తండ్రి పేరు రెండుసార్లు చదువుకుని, బేరం "పోయింది" అని ఎక్కించేది.

పొద్దున ఫైలు తెరిచేది. మాక్రో సీఆర్ఎం దగ్గరికి పోయి వచ్చేది. అచ్చంపేట వరుస మళ్ళీ కురచ కాసాగింది. వారం చివరికి అది ఎప్పటంత బక్కదే అయింది. ఇప్పుడా రిపోర్టులో తప్పు ఒక్కటీ లేదు.