లేని గుట్ట

మా నాయన పగలగొట్టిన గుట్ట విమానంలో ఇంకా ఉండేది.

ఖనిజాల కోసం భూమిని పైనుంచి కొలిచే చిన్న రెండింజన్ల విమానంలో నేను పరికరాల మనిషిని. కెప్టెన్ పక్క సీట్లో కూర్చుంటాను. కళ్యాణదుర్గం వైపు చేనిగట్లు, వేరుశనగ చేలు లెక్కపెట్టగలిగినంత కిందుగా ఎగిరి, సాయంత్రానికి మా రన్‌వేకు తిరిగొచ్చేవాళ్లం. దిగే దారిలో, ఎదుట ఖాళీ ఆకాశం తప్ప ఏమీ లేనిచోట, విమానంలోని హెచ్చరిక గొంతు పలికేది. ముందు "కాషన్, టెర్రెయిన్". ఇంకా దగ్గరికి పోతే "టెర్రెయిన్, పుల్ అప్". జాగ్రత్త, నేల ముందుంది, పైకి లేపు అని. ఉద్రేకం లేని గొంతు. స్క్రీను మీద ఎడమవైపు ఎర్రటి మచ్చ. కిందికి చూస్తే నీళ్లు నిలిచిన క్వారీ గుంత.

ఆ గుంత ఒకప్పుడు గుట్ట. మా నాయన కూలికి పోయి రాయి కొట్టిన చోటు. ఇంటికొచ్చి చెబితే ఆయన నమ్మలేదు.

"నేనే కొట్టినా గదప్పా దాన్ని. ఇంకా యాడుండాది?"

"పెట్టెలో ఉండాది నాయనా."

ఆ హెచ్చరిక పెట్టె సంగతి నాకు అనంతపురం గ్రంథాలయంలో తెలిసింది. ఎవరో ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని నెలల తరబడి చదివాను. పాత రకం హెచ్చరిక యంత్రానికి కిందికి చూసే కన్ను ఒక్కటే. రేడియో ఆల్టిమీటర్ తరంగాన్ని నేలకు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎత్తు చెబుతుంది. నేల మరీ వేగంగా దగ్గరైతే అరుస్తుంది. కానీ నిలువుగా లేచిన బండ ముందుంటే, దాని మీదికి వచ్చేదాకా కింద చదునైన నేలే కదా కనిపించేది. అందుకే కొత్త యంత్రానికి కొండల పటమంతా లోపలే పెట్టారు. ఉపగ్రహాలు చెప్పే చోటును, మన ఎత్తును, పోయే దిశను ఆ పటంతో పోల్చి, గుద్దుకోకముందే పలుకుతుంది. పటం గీసినాటికి మా గుట్ట ఉంది. అంతే.

ఆ పుస్తకంలోనే ఇంకో మాట చదివి చాలాసేపు పేజీ తిప్పలేదు. కంట్రోల్డ్ ఫ్లైట్ ఇంటు టెర్రెయిన్. విమానంలో ఏ లోపమూ ఉండదు. ఇంజన్లు బాగుంటాయి, పైలట్ చేతిలోనే ఉంటుంది. అలా బాగా నడుస్తూనే, ఎవరికీ తెలియకుండా, పోయి కొండకు తగులుతుంది.

మా కెప్టెన్ కర్నూలు మనిషి. ఆ గొంతు పలికినప్పుడల్లా కిందికొకసారి చూసి, "వచ్చిందప్పా మీ నాయన గుట్ట" అని మీట నొక్కి నోరు మూయించేవాడు. ఆ మీట సర్వే గీతల మీద కిందుగా ఎగిరేటప్పుడు నొక్కడానికి. తిరుగుదారిలో నొక్కడం మాకు అలవాటైపోయింది. పగలు, తేటగా, గుంత కంటికి కనబడుతుండగా అందులో తప్పేమీ తోచలేదు.

ఒక వేసవి సాయంత్రం పడమటి నుంచి దుమ్ము లేచింది. దాన్ని తప్పించుకుందామని దక్షిణం వైపు నుంచి చుట్టుతిరిగి వచ్చాం. తప్పలేదు. చుట్టూ ఎర్రమన్ను కలిపిన పాలలాంటి వెలుతురు. ఇంజన్ల మోత కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది.

"కాషన్, టెర్రెయిన్."

"ఈ దుమ్ములో గూడా వదల్లేదు సూడు," అని కెప్టెన్ మీట వైపు చెయ్యి చాచాడు. "కింద ఎంతుండాది?"

రేడియో ఆల్టిమీటర్ చూశాను. "చానా ఉండాది సార్. తగ్గడంలే."

"మరింకేం. సచ్చిన గుట్టే."

"టెర్రెయిన్. పుల్ అప్."

ఎర్ర మచ్చ ఎడమన లేదు. సూటిగా ఎదుట ఉంది. చుట్టుతిరిగి వేరే వైపు నుంచి వచ్చాం కాబట్టి అలా కనబడుతోందేమో అనుకున్నాను. ఆ అంకె తగ్గకపోవడమే నాకు ధైర్యంగా ఉండింది. అప్పుడు ఆ పుస్తకంలో నిలువు బండ గురించిన పేజీ గుర్తొచ్చింది.

"సార్, గుంత కనపడతాందా మీకు?"

ఆయన ఒక్కసారి కిందికి చూశాడు. చెయ్యి మీట మీదే ఉంది.

"లేదు," అన్నాడు.

ఆ చెయ్యి మీట వదిలి ఇంజన్ల పవర్ లీవర్లను ముందుకు తోసింది. ముక్కు పైకి లేచింది, నేను సీటులోకి కూరుకుపోయాను. గొంతు అదే మాట అదే స్వరంలో చెబుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆల్టిమీటర్ అంకె కుప్పకూలింది. దుమ్ములోంచి ఎవరూ పగలగొట్టని నల్లటి బండకొండ ఒకటి మా కిందికి వచ్చింది. దాని మీద మేకలు. వాటి మధ్య గొంగడి కప్పుకున్న మనిషి తలెత్తి మమ్మల్నే చూస్తున్నాడు. భయపడలేదు, చెయ్యి ఊపలేదు. దుమ్ము మూసుకుంది. అంకె మళ్లీ పెరిగింది. గొంతు ఆగిపోయింది.

రన్‌వే మీద దిగాం. ఇంజన్లు ఆపాక ఆయన ఆ మీటను చాలాసేపు చూశాడు.

"ఆ మనిషి నిజంగా ఉన్నాడా?" అని అడిగాడు.

"ఉన్నాడు సార్."

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. తిరుగుదారిలో పాత చోటే గొంతు పలికింది. గుంతలో నీళ్లు మెరుస్తూ స్పష్టంగా కనబడుతున్నాయి. కెప్టెన్ మీట ముట్టలేదు. విమానాన్ని పైకి లేపి, లేని గుట్టను దాటించి, అప్పుడు దించాడు. తర్వాత రోజూ అంతే.

ఇది మా నాయనకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి, తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"అంత పెద్ద సార్లు," అన్నాడు, "ఇంకా దానికి దారిచ్చి పోతాండారా?"