ముగింపు దాచిన పేజీ

పోర్టులో ముప్పై ఏళ్లకు పైగా టాలీ గుమాస్తాగా, అంటే ఓడలోంచి దిగే మూటలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను. రిటైరయ్యాక మల్కాపురంలో మా బావమరిది జెరాక్స్ షాపులో కూర్చోవడం అలవాటైంది. నేను చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు నేర్పినవి సరుకు కాగితాలు, లైబ్రరీ బల్లలు. పెన్షన్‌కీ, కరెంటు మీటరుకీ అర్జీలు రాసిపెట్టమని జనం వస్తుంటారు. రాసిపెడతాను. ఇవ్వాల్సింది ఇవ్వడానికి మనిషి చేత ఇన్ని కాగితాలు రాయించే దేశం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, అరిచే ఓపిక మాత్రం తగ్గింది.

ఒక మధ్యాహ్నం యారాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్తాడు, తల్లి పడవ ఒడ్డెక్కగానే ఇసుకలో నిలబడి చేపలు వేలం వేస్తుంది. ఈ పిల్ల డిగ్రీ అయిపోయి ఏడాదిగా ఖాళీగా ఉంది. నగరంలో కొత్తగా ఆఫీసు తెరిచిన ఒక సినిమా నిర్మాణ సంస్థకు జూనియర్ అసిస్టెంట్ డైరెక్టర్లు కావాలట. కవర్ లెటర్ ఒకటి, సొంత కథ మీద ఒకే పేజీ కాన్సెప్ట్ నోట్ ఒకటి మెయిల్లో పంపాలి. ఈ పని దొరక్కపోతే ఆటోనగర్‌లో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో చేరుస్తానని వాళ్ల నాన్న మాట ఇచ్చేశాడు.

ఆమె రాసుకొచ్చిన ఉత్తరంలో మొదటి వాక్యం, చిన్నప్పటి నుంచీ సినిమా అంటే ప్రాణం అని. ఇది నీ మాటేనా అని అడిగాను. ఫోన్లో దొరికిందని ఒప్పుకుంది. కొట్టేశాను. నువ్వు చేసిన పనేదో చెప్పమన్నాను. పోయిన వేసవిలో యారాడ ఒడ్డున ఒక యూనిట్ పన్నెండు రోజులు షూటింగ్ చేసిందట. గుంపులో నిలబడే ఆడవాళ్లను ఈమే పోగుచేసింది. ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఏ పడవ పక్కన నిలబడ్డారో నోటుపుస్తకంలో రాసి, మర్నాడు అదే చీరలో అదే చోట నిలబెట్టింది. ఒకావిడ చీర ఉతికి ఆరేస్తే తడిదే కట్టించిందట. ఉత్తరంలో ఇదే ఉండాలన్నాను, అదే రాయించాను.

కాన్సెప్ట్ నోట్ ఆమె బాగానే రాసింది. చేపలు వేలం వేసే ఒక మనిషికి గొంతు పోతుంది. కొనేవాళ్లు ధర తగ్గించేస్తుంటారు. చివరి రోజు ఆమె మాట లేకుండా వేళ్లతో ధర చూపిస్తుంది. అరుపులతో నిండిన ఆ ఒడ్డు మొదటిసారి నిశ్శబ్దమైపోయి, అందరూ ఆమె చేతినే చూస్తారు. రెండేళ్ల కిందట వాళ్లమ్మకు వారం రోజులు గొంతు పోయిందట. చివరిది మాత్రం ఈ పిల్ల ఊహ.

అది చదవగానే నా పాత పుండు రేగింది. కుర్రతనంలో, స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగిన ఒక సినిమా మనిషికి డాక్‌లో జరిగిన సంగతి ఒకటి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన టీ ఇప్పించి, భుజం తట్టి పంపాడు. మూడేళ్ల తర్వాత నేల టిక్కెట్టు కొనుక్కుని అదే సంగతి తెర మీద చూశాను. నేను చెప్పిన మాటలు కూడా ఉన్నాయి. నా పేరు ఎక్కడా లేదు. రాసిన ఉత్తరాలకు జవాబూ లేదు.

అందుకని ముగింపు తీసేయించాను. చివర్లో ఏం జరిగిందన్నది తెర మీదే చూడాలి అని ఒక వాక్యం పెట్టాను. ఖాళీ అయిన చోట ఒడ్డు వెంట ఎవరెవరు భూములు కోల్పోయారో అయిదు వాక్యాలు ఇరికించాను. కవర్ లెటర్ చివర, అనుమతి లేకుండా ఈ కథలో ఏ భాగం వాడినా చట్టపరమైన చర్య తప్పదని హెచ్చరిక చేర్చాను. ఆ పిల్ల నసిగింది. పెద్దవాడినని ఊరుకుంది. మా బావమరిది మాత్రం ఊరుకోలేదు.

“బావా, ఉద్యోగానికి రాత్తన్నావా, కోర్టు నోటీసు పంపుతన్నావా?”

నీకు తెలీదులే అన్నాను.

మెయిల్ పంపాక ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు ఆ పిల్ల షాపులో ఉండగానే ఫోన్ మోగింది. అసోసియేట్ డైరెక్టర్ అట, ఆడమనిషి. పిల్ల ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. చీరల సంగతి చదివే ఫోన్ చేస్తున్నానని ఆవిడ చెప్పింది. తర్వాత నెమ్మదిగానే అడిగింది.

“ఆ చివరి పేరా మీ లాయర్ రాశారా? అది ఉంటే ఈ ఉత్తరాన్ని నేను డైరెక్టర్ గారికి పంపలేను. ఇంకోటమ్మా, నోట్‌లో ముగింపు దాచేశారు. మేం సస్పెన్స్ కోసం చదవం. మీకు కథ ముగించడం వచ్చా లేదా అని చూస్తాం. రేపు పన్నెండు లోపు మళ్లీ పంపండి.”

ఫోన్ పెట్టేశాక నేను వాదనకు దిగాను. ముగింపు కావాలనడమే వాళ్ల ఎత్తుగడ అన్నాను. కథలో ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, చట్టం కాపాడేది రాసిన మాటల్నే అన్నాను. ఇది పుస్తకాల్లో చదివిందే, నిజమే. లాడ్జి సంగతి కూడా మళ్లీ చెప్పాను. ఆ పిల్ల చివరిదాకా వింది.

“తాతా, నీకు అన్యాయం జరిగింది, నాను కాదన్ను. కానీ నువ్వు నోటితో చెప్పీసావు. నాను నా పేరు పెట్టి, మెయిల్లో పంపుతన్నాను. తేదీ ఉంటాది. ఆపైన పోతే పోనీ. నాకు కథ దాసుకోడం కాదు, పని గావాల.”

కంప్యూటర్లో ఫైల్ తెరిచి ఆ హెచ్చరిక నేనే చెరిపాను. ముగింపు ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పింది, టైపు చేశాను. పేజీ దాటిపోయింది. అక్షరం సైజు తగ్గిద్దామన్నాను. వాళ్లు ఫోన్లో చదువుతారు తాతా అని, భూముల గురించి నేను రాసిన అయిదు వాక్యాలూ చూపించింది. అవీ తీసేశాను. ఆ సంగతి ఆ వేలం మనిషిది కాదు, నాది. ఒప్పుకోవడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

భీమిలిలో మూడు రోజులు పని చేయించి చూసి, ఆమెను తీసుకున్నారు.

రెండు నెలలకు మళ్లీ షాపుకు వచ్చింది. నల్లబడింది, గొంతు బొంగురుపోయింది. మర్నాటి షూటింగుకు ఎవరు ఎన్నింటికి రావాలో రాసిన కాగితాలు పాతిక కాపీలు కావాలట. తెల్లారేసరికి తగరపువలసలో ఉండాలి. మిషన్ తిరుగుతుండగా, ఎన్నాళ్లుగానో నాలుక చివర ఉన్నది అడిగాను. నీ కథ ఎవరైనా ఎత్తుకున్నారా అని.

“ఎవులూ అడగనేదు తాతా. ఆ మేడం సదివింది, అంతే. అలాంటివి నలభై సదివిందంట.”

తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరిని తిట్టాలో తెలీలేదు. దొంగ ఉంటే బాగుండునని ఒక క్షణం అనిపించింది, ఈ వయసులో అది సిగ్గుచేటే. కాపీలు సర్దుకుంటూ ఆమె ఇంకో మాట చెప్పింది.

“మాయమ్మకి సదివి వినిపించాను. ముగింపు తప్పంట. సేతి ఏళ్లు సూపిత్తే ఎనక నిలబడ్డోళ్లకి కనపడదంట. గంప బోర్లించి దానిమీద కొడతాదంట, ఎన్ని దెబ్బలైతే అన్ని వందలు. ఫైల్ ఉందా తాతా? మార్చాల.”

ఎవరికి పంపడానికి అని అడిగాను. ఎవరికీ కాదంది. మా బావమరిది షాపు కట్టేసే టైమైందని గొణిగాడు. కళ్లజోడు తుడుచుకుని ఫైల్ తెరిచాను.