రెండో ఫీతీ

డిసెంబరు ఏడు, ఆదివారం. జహీరాబాద్‌లో మా ఇల్లు. ఉన్నవారు: సైన్యంలో హవల్దార్‌గా పనిచేసి రిటైరైన నేను, లాన్స్ నాయక్‌గా ఉంటూ సెలవు మీద వచ్చిన మా తమ్ముడి కొడుకు, అతని భార్య, న్యాల్‌కల్‌లో ఎరువుల దుకాణం నడిపే ఆమె తండ్రి.

డైరీలో ఆ రోజు కింద మొదటి వాక్యం ఇది: "వియ్యంకుడు కాగితం రాయించుకోవడానికి వచ్చాడు. రాయలేదు."

ఫిబ్రవరిలో మావాడి పల్టన్‌లో నాయక్ పదోన్నతికి క్యాడర్ ఉంది. అంటే కొన్ని వారాల శిక్షణ, చివర పరీక్ష. వద్దనుకున్నవాడు ఇష్టం లేదని రాసి సంతకం పెట్టాలి. పెడితే వెనక చేరినవాళ్లు దాటిపోతారు. నాయక్ అయితే సర్వీసు గడువు పెరుగుతుంది. నాయక్ కాకుంటే అల్లుడు తొందరగా వచ్చి దుకాణంలో కూర్చుంటాడని వియ్యంకుడి ఆశ.

"బావా, గా ఫార్మాట్ నీకు ఎరుకనే. నాలుగు లైన్లు రాసియ్యి. పిలగాడు సంతకం పెడ్తడు" అంటూ తెల్లకాగితం నా ముందు పెట్టాడు.

"పిలగాడు కాదు, తొమ్మిదేండ్ల సర్వీసున్న సిపాయి. ఆయన్నే అడుగు" అన్నాను.

మావాడు గోడ వైపు చూశాడు. "పెద్దబాపు, నాకు మ్యాప్ రాదు. పోయినసారి దాంట్లనే ఫెయిలైన. మళ్ల ఫెయిలైతే కంపెనీ అంత నవ్వుతది. సంతకం పెడ్తె ఇజ్జత్‌తోని బయటపడ్త."

అప్పుడు తెలిసింది, మావాడికి దుకాణం సాకు మాత్రమేనని. లేచి బీరువాలోంచి పాత డైరీ తీసి అతని ఒళ్లో పెట్టాను. నా చేతిరాతే: "క్యాడర్. డ్రిల్లు పాస్. ఆయుధం పాఠం చెప్పడం పాస్. మ్యాప్ ఫెయిల్."

వియ్యంకుడు ముందుకు వంగి చదివాడు. "నువ్వు గుడ ఫెయిలైనవా బావా? గిన్నేండ్లు ఎన్నడు చెప్పలె."

"నువ్వెన్నడు అడగలె."

దాచుకోవలసిన సంగతి కాదది. రెజిమెంటల్ సెంటర్‌లో జుట్టు కత్తిరించుకున్న రోజు నుంచి ఏ మెట్టూ నాకు ఊరికే రాలేదు. నెలల తరబడి పరుగు, ఫైరింగ్, ఆ తర్వాత కసం పరేడ్‌లో ప్రమాణం. అప్పుడు గాని సిపాయి అనిపించుకోలేదు. చేతికి మొదటి ఫీతీ, అంటే మొదటి పట్టీ, కుట్టుకుని లాన్స్ నాయక్ అయ్యాక నలుగురిని కాపలాకు నిలబెట్టడం నేర్చుకున్నాను. రెండో ఫీతీ నాయక్‌ది. దానికి క్యాడర్ పాసైతే చాలదు. మంచి రిపోర్టులు, పూర్తి ఆరోగ్యం, రికార్డులో ఎర్రసిరాతో రాసే పెద్ద శిక్ష లేకపోవడం కావాలి. అన్నీ ఉన్నా ఖాళీ వచ్చి, సీనియారిటీలో వంతు వచ్చేదాకా ఆగాలి. మూడో ఫీతీకి మరో క్యాడర్. అది దాటి హవల్దార్‌నై పదిమంది సెక్షన్‌ను నడిపాను. మొదటిసారి మ్యాప్ ఫెయిలై, మళ్లీ రాసి పాసైనవాణ్నే.

"ఇష్టం లేదని నా చేత్తో ఎవరికీ రాయను" అని వియ్యంకుడి కాగితం మీద నిలువు గీతలు, అడ్డ గీతలు గీశాను. కింద అంచున ఎడమ నుంచి కుడికి అంకెలు, పక్క అంచున కింది నుంచి పైకి అంకెలు వేశాను. నడుమ జహీరాబాద్, దక్షిణాన మొగుడంపల్లి, తూర్పు వైపు కోహీర్, వాయవ్యాన న్యాల్‌కల్, ఇంకా చుట్టుపక్కల ఊళ్లు గుర్తుపెట్టాను.

"కోహీర్ ఏ గడిల ఉన్నది?"

మావాడు పక్క అంకె ముందు చెప్పాడు, కింది అంకె తర్వాత. సరిగ్గా నేను చేసిన తప్పే.

"మ్యాప్ నేర్పిన మా ఉస్తాద్ నన్ను అడిగిండు, చెట్టు దాకా నడవకుండనే చెట్టెక్కుతవా అని. ముందు కింది అంకె దాక నడువు, ఎన్కసీరి పక్క అంకె దాక పైకెక్కు."

మళ్లీ చెప్పాడు. సరిపోయింది. పది ఊళ్లు అడిగాను, రెండే తప్పాయి.

"గడులు చెప్తె నాయక్ అయితడా? నా దుకాణం గతేంది?" అన్నాడు వియ్యంకుడు.

కోడలు అంది: "నాయినా, దుకాణానికి మనిషి కావాల్నంటే బోర్డు పెట్టు. మా ఇంటాయన భయపడి ఇంటికొస్తె నాకొద్దు. రెండోసారి ఫెయిలైతె మూడోసారి రాస్తడు."

మావాడు గీతల కాగితం తన దగ్గరే ఉంచుకున్నాడు.

సోమవారం పొద్దున పళ్లు తోముకోకముందే కంపెనీ హవల్దార్ మేజర్‌కు ఫోన్ చేసి, క్యాడర్ జాబితాలో తన పేరు ఉంచమన్నాడు. రాత్రి మా ఇంట్లోనే ఆగి, చాయ్ తాగుతున్న వియ్యంకుడు అంతా విన్నాడు.

"నా కాగితం ఏది?" అన్నాడు. అల్లుడు ముందు పెట్టాడు. వియ్యంకుడు దాని మీదికి వంగాడు.

"న్యాల్‌కల్ గాడ గాదు బావా. ఇంకా జర పైన."

"ఎక్కడ్నో నంబర్ చెప్పు" అన్నాను.

ఆయన వేలు ముందే పక్క అంచు మీదికి పోయింది.

"చెట్టు దాకా నడువు నాయినా" అంది కూతురు.