క్యాసెట్టులో లేని గొంతు

నా చిన్నప్పుడు నాకు రెండు తెలుగులు ఉండేవి. ఒకటి ఇంట్లో తొడుక్కునేది, ఇంకొకటి బయటికి వేసుకెళ్లేది. నాన్న పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఆపరేటరు. మేము కంపెనీ క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా వరసలో పిల్లలు ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన ఇంజినీర్ల పిల్లలు. వాళ్లముందు ‘వచ్చిన’ అనబోయి ‘వచ్చాను’ అని సర్దుకోవడం నాకు ఎక్కాల కంటే ముందే పట్టుబడింది. క్వార్టర్సులో పెరిగినందుకేమో, ఏ తెలుగూ నాకు పావువంతు కంటే ఎక్కువ వచ్చేది కాదు.

తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకు తోడుగా హత్నూర వైపు పల్లె నుంచి మా మేనత్త వచ్చింది. బాలింత పథ్యం, పిల్లవాడి స్నానం, మా వంట, అన్నీ ఆమె చేతిలోనే. ఆమె ఏ మాట మొదలుపెట్టినా ముందు ‘అగో’ అనేది. పాలు పొంగితే అగో, పోస్టుమ్యాన్ వస్తే అగో, ఏమీ జరగకపోయినా, ఏదో ఒకటి జరిగేదాకా చేతిలో ఉంటుందన్నట్టు ఒక అగో. మాట చివర గొంతు కొంచెం పైకి లేచేది. ఊళ్లో ఎవరి నడక, ఎవరి దగ్గు ఎలా ఉంటాయో చేసి చూపించి, కుట్లు లాగుతున్నాయని అమ్మ బతిమాలేదాకా నవ్వించేది.

ఆ రోజుల్లో సినిమా మాటలు క్యాసెట్లుగా అమ్మేవారు. హైవే మీది టీ హోటల్లో పాటలకన్నా అవే ఎక్కువ మోగేవి. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. క్వార్టర్సు క్లబ్బులో ఏటా జరిగే పండగకి నేను ఆ సినిమా హీరో గొంతు చెయ్యాలని నిశ్చయించుకున్నాను. టేపు వెనక్కి తిప్పుతూ, ముందుకు తిప్పుతూ వారం రోజులు సాధన చేశాను. అక్షరం పొల్లు పోకుండా వచ్చేసిందనుకుని అత్త ముందు నిలబడి చేశాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది. నవ్వలేదు.

“అగో, మంచిగనే ఉంది బిడ్డా. అచ్చం గట్లనే ఉంది. గట్లనే ఉంటే క్యాసెట్టే పెట్టుకుంటరు గద, నువ్వెందుకు?”

నాకు రోషం వచ్చింది. అప్పుడు ఆమె చాట పక్కన పెట్టి, ఆ హీరో మాట్లాడేది మళ్లీ వినిపించమంది. రెండుసార్లు విన్నది. అతను ప్రతి మాటకీ ముందు ముక్కుతో గాలి గట్టిగా పీలుస్తాడనీ, వాక్యాన్ని మూడు ముక్కలు చేస్తాడనీ, చివరి ముక్కను బిందె దించినట్టు దించుతాడనీ అప్పుడు చెప్పింది. నేను వారం రోజులు విన్నవే అవి. వినడమైతే విన్నాను గానీ, పట్టుకోలేదు. ఆ మూడింటినే పట్టుకో, తక్కినవి వదిలెయ్ అంది. పీల్చేది ఇంకా గట్టిగా పీల్చు, ఆగేది ఇంకాసేపు ఆగు. మొదట జనానికి తెలిసిన మాటే చెప్పు. ఎవరి గొంతో వాళ్లే పోల్చుకున్నామన్న సంబరం వాళ్లకి దక్కనియ్యి. ఆ తర్వాత ఆ పెద్ద గొంతును చిన్న పనికి పంపు. నువ్వు మాత్రం నవ్వకు.

చెప్పి ఊరుకోకుండా చేసి చూపించింది. గడ్డం పైకెత్తి, గది గాలంతా పీల్చి, “ఈ పప్పులో...” అని ఆగింది. ఊయలలోని తమ్ముడు కూడా ఊపిరి బిగబట్టాడేమో అనిపించింది. “ఉప్పు...” అని మళ్లీ ఆగి, బిందె దించింది. “లేదు!” నేను నేలమీద దొర్లాను. యుద్ధానికి వెళ్లాల్సిన గొంతు వంటింట్లోకి వస్తే ఎందుకంత నవ్వొస్తుందో ఆ పూట తెలిసింది. పప్పులో నిజంగానే ఉప్పు లేదన్న సంగతి అమ్మ తర్వాత కనిపెట్టింది.

పండగ సాయంత్రం క్లబ్బు ముందర షామియానా వేశారు. చలికాలం. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక జంపఖానాల మీద మిగతా కుటుంబాలు. అత్త వెనక వరసలో తమ్ముణ్ని శాలువాలో చుట్టి పట్టుకుని కూర్చుంది. నేను హీరో గొంతుతో ముందు అందరికీ తెలిసిన మాట చెప్పాను. జనం ‘ఆ, వీడే’ అన్నట్టు ముందుకు వంగారు. తర్వాత పప్పు వడ్డించాను. షామియానా ఎగిరిపోతుందా అన్నంతగా నవ్వారు. అక్కడే దిగిపోవలసింది. మైకు పట్టుకున్న అంకులు “ఇంకొకటి, పాపా!” అన్నాడు.

నా దగ్గర ఇంకొకటి లేదు. కానీ నవ్వు రుచి మరిగిన నాలుక ఊరుకోదు. అదే సినిమాలో విలన్ వెనక తిరిగే రౌడీ ఒకడున్నాడు. ఆ కాలం సినిమాల్లో మా మాట రౌడీకో, ఇంటి పనివాడికో ఇచ్చేవారు. హీరోకి మాత్రం పొరపాటున కూడా ఇచ్చేవారు కాదు. క్యాసెట్టులో ఆ రౌడీకి ఉన్నది ఒక్కటే మాట. అది అనేశాను. కొంచెం నవ్వారు. తర్వాత చెప్పడానికేమీ లేక, నోటికి దగ్గరగా ఉన్నది అందుకున్నాను. “అగో! గిట్లెందుకు జేస్తివిరో!” అని చివర గొంతు కోడిపుంజులా పైకి లేపాను. ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఇంకో అగో వేశాను. ఇంకా గొల్లుమన్నారు. ప్రతి అగోనీ ముందరిదానికంటే సాగదీశాను. అత్త చెప్పిన సూత్రాలన్నీ అత్త మీదే పనిచేశాయి.

దూరంగా ఆమె కూడా నవ్వుతూ కనిపించింది. తన గొంతేనని ఆమెకు మొదటి అగోకే తెలిసిపోయిందట. ఊళ్లో అందర్నీ తను చేసేది కదా, తనను మేనకోడలు చేస్తే తప్పేముందని మురిసిందట.

ఇంతలో గాలి లేచింది. నా చెవులకు కట్టిన రుమాలు జారిపోయి ఉంది. ఆమె కూర్చున్న చోటి నుంచే కేకేసింది. “అగో బిడ్డా! చెవులకు రుమాలు కట్టుకో, సలి వెడ్తది!”

ఆ సాయంత్రం అన్నిటికంటే పెద్ద నవ్వు అప్పుడే వచ్చింది. జనమంతా వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఎలా నవ్వాలో అప్పటికే నేను నేర్పి ఉన్నాను కదా! మైకు అంకులు కళ్లు తుడుచుకుంటూ, “అదిగో, అసలు సరుకు అక్కడుంది! ఎవరమ్మా ఆవిడ?” అని మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

“మా ఊరి నుంచి వచ్చారు” అన్నాను. బయటికి వేసుకెళ్లే తెలుగులో, గౌరవవాచకంతో సహా.

అబద్ధమేమీ కాదు. ‘అత్త’ అన్న మాట ఒక్కటే అందులో లేదు. మైకులో అన్న మాట వెనక వరసదాకా వెళుతుంది. చూస్తే ఆమె నవ్వడం మానేసి తమ్ముడి శాలువా సర్దుతూ ఉంది. సర్దాల్సినంతగా అది చెదరలేదు.

ఇంటికి రాగానే ఆమె ఎప్పటిలాగే నాకు అన్నం కలిపి పెట్టింది. మర్నాడు కూరగాయల బండి వచ్చింది. రోజూ ఆ బండివాడితో వాదించి, నాలుగు మిరపకాయలు కొసరుగా లాక్కుని, వాడి పిల్లల క్షేమం కూడా అడిగి వచ్చే మనిషి ఆ రోజు వేలితో వంకాయలు చూపించింది, మరో వేలితో టమాటాలు చూపించింది. పక్క క్వార్టరు ఆంటీ పలకరిస్తే తలూపింది. బండివాడు “ఏమాయె పెద్దమ్మా, గొంతు పట్టిందా?” అన్నాడు. దానికీ తలే ఊపింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. తర్వాత కూడా గడప లోపల అంతా మామూలే. గడప దాటితే మాత్రం మూగనోము. నాలుగైదు రోజులు గడిచినా అంతే. ఒక పొద్దున, ఊరికి వెళ్లిపోతానని నాన్నతో అంటుంటే విన్నాను. పిల్లవాడికింకా మెడ నిలబడలేదు, అమ్మకింకా నడుం నిలబడలేదు.

ఆ రోజు పెరట్లో ఆమె కాళ్లు చాపి, వాటిమీద తమ్ముణ్ని పడుకోబెట్టుకుని నూనె రుద్దుతోంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. “హీరోని చేస్తే నవ్వారు, నువ్వూ నవ్వినవు. మరి నిన్ను జేస్తే...” అన్నాను.

ఆమె నూనె వేళ్లతో పిల్లవాడి ముక్కును మెల్లగా పైకి తీస్తోంది, దూలం నిలబడడానికి.

“గా హీరో అందరికెర్కే బిడ్డా. ఏడ్సుడు సూసిన్రు, కొట్లాడుడు సూసిన్రు, పాట పాడుడు సూసిన్రు. నువ్వు ఆయన ముక్కు ఒక్కటి పెద్దగ జేసి ఇస్తే, తక్కిన మొఖం ఆళ్లే పెట్టుకుంటరు. నేనెవలికెర్క? నువ్వు ముక్కే ఇస్తివి. ఆళ్లు ముక్కే తీస్కపోయిన్రు.”

పిల్లవాడు తుమ్మాడు. “శతాయుస్సు” అని వాడి వీపు నిమిరి, ఇటు చూడకుండానే అంది: “ఊళ్లె జేస్తె నవ్వుకుందుము. ఆడ నా మొఖం అందరికెర్క.”

ఏడుపొచ్చింది. ఏడ్చి చేతులు దులుపుకునే సమస్య కాదని అర్థమయ్యేంత వయసు కూడా వచ్చింది. సాయంత్రం బండి గంట వినపడగానే ఆమెతో పాటు వెళ్లాను. మా క్లాసు పిల్లలు ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్లకి వినపడేలా, ధైర్యంగా, మా మాటలోనే అడిగేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే “అగో! వంకాయలు గిట్లెట్ల ఇస్తున్నవ్‌రో!” అని కోడిపుంజు కూసింది. పిల్లలు కిసుక్కుమన్నారు. నా ఇంటి మాట నిజంగా మాట్లాడబోతే రౌడీయే వచ్చాడు. సాగదీసి సాగదీసి, ఆ మాట మామూలుగా ఎంత పొడుగుంటుందో మరిచిపోయాను.

నేల చీలితే బాగుండనుకుంటుంటే, చెవి పక్కన అత్త గొంతు వినపడింది. ఆ వాకిట్లో ఇన్ని రోజులకు మొదటిసారి.

“మెల్లగ. అమ్మను అన్నమడిగినట్టు అడుగు.”

“వంకాయలెట్లిస్తున్నవన్నా?” అన్నాను. పిల్లలు నవ్వలేదు. నవ్వడానికి అందులో ఏమీ లేదు. బండివాడు ధర చెప్పాడు. అది విని అత్త ఉండబట్టలేకపోయింది. “గంతనా? బంగారం గిట్ల పెట్టినవా లోపట?” అని మొదలుపెట్టి, మిరపకాయలదాకా వదల్లేదు. పిల్లలు వింటూనే ఉన్నారు. వాళ్లలో ఒక పిల్ల, “ఎవరే ఆవిడ?” అని నా చెవిలో అడిగింది.

“మా అత్త” అన్నాను. “మా నాన్న వాళ్లక్క. అందర్నీ నవ్విస్తది.” చివరి మాట ఏ తెలుగులో వచ్చిందో అప్పుడు గమనించలేదు.

అత్త తమ్ముడి మెడ నిలబడేదాకా ఉంది. బయట మాట్లాడింది గానీ, గొంతు విప్పే ముందు ఒకసారి చుట్టూ చూసుకోవడం మాత్రం ఆమెకు అలవాటైపోయింది. అది నేను పెట్టిన అలవాటు. అంతకుముందు ఆమెకు అది లేదు. ఆ చిన్న చూపు తలుచుకుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడు పెళ్లిళ్లలో, పురుళ్లలో బంధువులు కలిస్తే, అత్తలా ఒక్కసారి మాట్లాడమని పిల్లలు నన్ను అడుగుతారు. వాళ్లలో చాలామంది ఆమెను చూడనైనా లేదు. ముందు కూర్చోబెట్టి, ఆమె ఎవరి దగ్గు ఎలా చేసేదో, తమ్ముడికి ఎలా నూనె రుద్దేదో, పప్పులో ఉప్పు ఎలా మరిచిపోయిందో చెబుతాను. చాలాసేపు పడుతుంది. కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. చివరిదాకా కూర్చున్నవాళ్లకు మాత్రం, మెల్లగా, ఉన్నంత పొడుగే, ఒక్క అగో వినిపిస్తాను.